రెండెత్తుల మేట్ నిజమా కాదా: నల్ల జవాబులన్నీ పరీక్షించే పద్ధతి

ప్రశ్న: తెల్ల రాజు c8, ఏనుగు a1, బంటు b6. నల్ల రాజు a8, బిషప్ b8, బంట్లు a7, b7. తెల్ల ఆడి రెండెత్తుల్లో మేట్ చెయ్యాలి. నేను 1.Ra5 అని రాశాను. బిషప్ ఎటు కదిలినా 2.Rxa7 మేటే కదా? జవాబులో 1.Ra6 అని ఇచ్చారు. రెండూ ఒకటే కాదా? పైగా 1.Ra6కి నల్ల axb6 ఆడితే ఏమవుతుంది? ఇంజిన్ లేకుండా ఇలాంటివి చేత్తో ఎలా సరిచూసుకోవాలి?

జవాబు:

1.Ra5 తప్పు. దానికి నల్లవైపు ఏడు జవాబులుంటే ఆరింటికి మేట్ ఉంది, 1...a6 అనే ఒక్కదానికి లేదు. ఆ ఒక్కటీ చాలు. 1.Ra6 తర్వాత axb6 అసలు ఆడడానికే వీల్లేదు. ఆ బంటు a7 వదిలితే a6లో ఉన్న ఏనుగుకీ a8లో ఉన్న రాజుకీ మధ్య ఏమీ మిగలదు. తన రాజును తానే చెక్‌లో పెట్టుకునే ఎత్తు చెల్లదు కాబట్టి ఆ బంటు పిన్‌లో ఉన్నట్టు.

ఇది పాల్ మార్ఫీ పేరుతో 1856లో న్యూయార్క్ క్లిప్పర్ పత్రికలో వచ్చిన సమస్య. ఏడే పావులు, నల్లవైపు కదలికలు చాలా తక్కువ. ప్రతి జవాబునూ వేళ్ళ మీద లెక్కపెట్టి చూడొచ్చు. అందుకే సరిచూసే పద్ధతి నేర్చుకోడానికి ఇంతకంటే అనువైన బోర్డు దొరకదు. మీ ప్రశ్నలోని రెండు పొరపాట్లు కూడా చాలామంది చేసేవే: నల్లకున్న ఒక జవాబును జాబితాలో వదిలేయడం, లేని జవాబును జాబితాలో చేర్చడం.

ముందు ఒక మాట తేల్చుకుందాం. "రెండెత్తుల్లో మేట్" అంటే తెల్లవైపు ఒక మొదటి ఎత్తు ఉంది, దానికి నల్ల ఏం ఆడినా, ఆ ఆడినదాన్ని బట్టి, తెల్లకి మేట్ చేసే రెండో ఎత్తు ఒకటి ఉంది అని అర్థం. రెండో ఎత్తు అన్నిసార్లూ ఒకటే కానక్కర్లేదు. కానీ నల్ల జవాబు మాత్రం ఒక్కటి కూడా మిగలకూడదు. మీరు రాసిన జవాబు తప్పని చూపాలంటే ఎదుటివాళ్ళకి ఒకే ఒక్క ఎత్తు చాలు. ఒప్పని చూపాలంటే మీరు అన్నింటినీ చూపాలి. భారమంతా తెల్ల పక్షాన ఉంటుంది. మంచి ఎత్తు, చెడ్డ ఎత్తు అనే తేడా ఇక్కడ పనికిరాదు. మామూలు ఆటలో ఎవరూ ఆడని పిచ్చి ఎత్తు కూడా ఇక్కడ జవాబే.

పావులను బోర్డు మీద నిజంగా పేర్చండి. పుస్తకంలో బొమ్మ చూస్తూ మనసులో నడిపించేటప్పుడే సగం పొరపాట్లు దొర్లుతాయి. తెల్ల బంట్లు పైకి, అంటే 8వ వరుస వైపుకీ, నల్ల బంట్లు కిందికీ వెళ్తాయని చూసుకోండి. బోర్డు తిప్పి పెట్టుకున్నవాళ్ళు ఇక్కడే దారి తప్పుతారు. ఆన్‌లైన్‌లో పేర్చాలంటే ఈ వరుసను అతికించండి:

```
kbK5/pp6/1P6/8/8/8/8/R7 w - - 0 1
```

ఇప్పుడు జవాబులో ఉన్న 1.Ra6 ఆడండి. ఏనుగును a6లో పెట్టి చెయ్యి తీసేయండి. ఇక్కడి నుంచి కాసేపు మీరు నల్లవైపు మనిషి. తెల్ల ఏం చేస్తుందో ఆలోచించకండి, నల్ల ఏమేమి ఆడగలదో మాత్రం రాయండి. జాబితా రాయడం, పరీక్షించడం రెండూ కలిపి చేస్తే "ఇది ఎలాగూ మేటే" అనుకుని కొన్ని ఎత్తులు రాయకుండానే దాటేస్తారు. మీరు a6ని దాటేసింది కూడా అలాగే అని నా అనుమానం. బిషప్ కదలికలన్నింటికీ ఒకే మేట్ కనిపించేసరికి బంట్ల వైపు చూపు పోలేదు.

జాబితాను పావు పావుకీ ఒక వరుసలో రాయాలి. నేనైతే రాజుతో మొదలుపెట్టమంటాను. a8 రాజు చుట్టూ మూడు గళ్ళు: a7లో సొంత బంటు, b7లో సొంత బంటు, b8లో సొంత బిషప్. రాజుకి ఎత్తు లేదు. తర్వాత బిషప్. ఇది శకటు అన్నా ఒంటె అన్నా అదే పావు. b8 నుంచి ఒక దిక్కున a7, అక్కడ సొంత బంటు. రెండో దిక్కున c7, d6, e5, f4, g3, h2, అన్నీ ఖాళీ. ఆరు ఎత్తులు. వాటిని "బిషప్ ఎటైనా" అని ఒక్క మాటలో రాయకుండా ఆరు గళ్ళ పేర్లూ రాయండి. ఎందుకో కిందకి వచ్చాక తెలుస్తుంది.

చివరికి బంట్లు. ఒక్కో బంటుకీ నాలుగు ప్రశ్నలు అడగాలి: ఒక గడి ముందుకి వెళ్ళగలదా, రెండు గళ్ళు వెళ్ళగలదా, ఎడమకి కొట్టగలదా, కుడికి కొట్టగలదా. a7 బంటుకి ముందు a6లో ఏనుగు ఉంది, కాబట్టి ముందుకి లేదు. రెండు గళ్ళూ లేవు. కొట్టే దిక్కు ఒక్కటే, b6. అక్కడ తెల్ల బంటు ఉంది కాబట్టి axb6 కాగితం మీద రాయండి. b7 బంటుకి ముందు b6లో తెల్ల బంటు అడ్డు. కొట్టే దిక్కులు a6, c6. a6లో ఏనుగు ఉంది, c6 ఖాళీ. కాబట్టి bxa6.

మొత్తం ఎనిమిది రాశారు. ఇప్పుడు చెల్లని వాటిని తీసేయాలి. ఒక్కో ఎత్తుకీ ఒకటే ప్రశ్న: ఇది ఆడాక నల్ల రాజు చెక్‌లో ఉంటుందా? axb6 దగ్గర ఉంటుంది, కాబట్టి కొట్టేయండి. bxa6 దగ్గర ఏనుగే పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. మిగిలినవి ఏడు. ఈ ఏడు అనే అంకెను కాగితం మీద పెద్దగా రాసి గీత గీయండి. పరీక్ష అయ్యాక కింద ఏడు టిక్కులు ఉండాలి. ఆరుంటే ఏదో తప్పిపోయినట్టు.

ఇక తెల్లవైపుకి రండి. ఒక్కో జవాబుకీ మేట్ ఎత్తు చూపి, అది నిజంగా మేటేనా అని మూడు మాటలు అడగాలి. రాజు పక్క గడికి పారిపోగలడా? చెక్ ఇచ్చిన పావుని ఎవరైనా కొట్టగలరా? మధ్యలో ఎవరైనా అడ్డం రాగలరా? మూడింటికీ లేదంటేనే మేట్.

1...Bc7 తీసుకోండి. తెల్ల 2.Rxa7. రాజు పారిపోయే గళ్ళు: b8 ఇప్పుడు ఖాళీ అయింది, కానీ c8లో తెల్ల రాజు పక్కనే ఉన్నాడు, అక్కడికి పోలేడు. b7లో సొంత బంటు. ఏనుగును రాజు కొట్టబోతే b6 బంటు కాపలా ఉంది. ఏనుగు రాజు పక్కనే ఉంది కాబట్టి మధ్యలో గడే లేదు, అడ్డం రావడమన్నది లేదు. మిగిలింది బిషప్. a7లో ఉన్న ఏనుగును అది కొట్టగలదా? a7ని కొట్టాలంటే బిషప్ b8లో అయినా ఉండాలి, లేదా a7 నుంచి g1కి పోయే వాలు గీత మీద ఎక్కడో ఉండాలి. c7 ఆ గీత మీద లేదు. 2...Bxb6 ఆడి కాపలా బంటుని తీసేద్దామనుకున్నా ఏనుగు చెక్ అలాగే ఉంటుంది, కాబట్టి అదీ చెల్లదు. మేట్.

మిగిలిన ఐదూ ఇంతే. కానీ "ఇంతే" అనే ముందు ప్రతి గడి దగ్గరా ఒక్క క్షణం ఆగాలి. d6, e5, f4, g3, h2లో ఏదైనా a7-g1 గీత మీద ఉందా? లేదు, అవన్నీ b8-h2 గీత మీదే ఉన్నాయి. ఏదైనా తెల్ల రాజుకి చెక్ ఇస్తుందా? ఆ బిషప్ నల్ల గళ్ళలోనే తిరుగుతుంది, c8 తెల్ల గడి. ఇవ్వదు. జవాబులను గుంపుగా కలిపి కొట్టేయడం తప్పు కాదు, కానీ గుంపు కట్టడానికి కారణం రాయాలి. నేను చూసే నాలుగు ప్రశ్నలివి: ఆ పావు దిగిన చోటు నుంచి మేట్ గడిని కొట్టగలదా, చెక్ దారిలో అడ్డం రాగలదా, తెల్ల రాజుకి చెక్ ఇచ్చిందా, మేట్ చెయ్యబోయే తెల్ల పావుని పిన్ చేసిందా. నాలుగింటికీ ఒకే సమాధానం వచ్చే ఎత్తులే ఒక గుంపు. గళ్ళ పేర్లు విడివిడిగా రాయమన్నది ఇందుకే. పెద్ద సమస్యల్లో ఒకే బిషప్‌కి ఉన్న తొమ్మిది పది ఎత్తుల్లో ఒకటి మాత్రం గుంపులో ఇమడకుండా ఉంటుంది. సమస్య కట్టినవాళ్ళు దాచిపెట్టేది దాన్నే.

ఏడోది 1...bxa6. ఏనుగు పోయింది, Rxa7 లేదు. 2.b7 ఆడండి. బంటు b7 నుంచి a8కి చెక్. రాజు b7ని కొట్టలేడు, c8 రాజు కాపలా. a7లో సొంత బంటు, b8లో సొంత బిషప్. బంటు చెక్‌కి అడ్డం రావడం లేదు. b7ని కొట్టే నల్ల పావు ఇంకోటి లేదు. మేట్. ఏడు టిక్కులు పడ్డాయి. 1.Ra6 నిలబడింది.

ఈ చివరి మేట్‌ని ఒకసారి మళ్ళీ చూడండి. నల్ల రాజుని బంధిస్తున్నది తన సొంత a7 బంటే. b6లో ఉన్నంతసేపు తెల్ల బంటు a7ని కాస్తుంది, b7కి ఎక్కగానే ఆ కాపలా వదిలేస్తుంది. a7లో నల్ల బంటు కదలకుండా కూర్చుంది కాబట్టి నడిచిపోయింది. మీ 1.Ra5 ఎందుకు పాడైందో ఇందులోనే ఉంది.

1.Ra5 తర్వాత అదే పద్ధతిలో జాబితా రాయండి. రాజుకి లేదు. బిషప్‌కి ఆరు. a7 బంటు: ముందు a6 ఇప్పుడు ఖాళీ, కాబట్టి a6 ఉంది. రెండు గళ్ళు వెళ్దామంటే a5లో ఏనుగు. axb6 మళ్ళీ చెల్లదు, ఏనుగు అదే ఫైలు మీద ఉంది. b7 బంటుకి ముందు అడ్డు, కొట్టడానికి a6, c6 రెండూ ఖాళీ, కాబట్టి ఏమీ లేదు. మొత్తం ఏడు. పాత జాబితాలో ఉన్న bxa6 పోయి దాని చోట a6 వచ్చింది.

1...a6 ఆడాక తెల్లకి చెక్ ఇచ్చే ఎత్తు ఒకటే, 2.Rxa6+. దానికి నల్లకి రెండు జవాబులు: 2...bxa6, 2...Ba7. రెండో ఎత్తు మేట్ కాలేదు, అక్కడితో 1.Ra5 కథ ముగిసింది. "పోనీ 2...bxa6 3.b7 మేట్ కదా, ఒక ఎత్తు ఆలస్యం అంతే" అని చాలామంది సర్దిచెప్పుకుంటారు. అది కూడా కాదు. ఇప్పుడు a7 ఖాళీ. తెల్ల బంటు b7కి ఎక్కగానే a7ని కాసేవాళ్ళు లేరు, రాజు a7కి దిగిపోతాడు. మొదటి సమస్యలో చూసిన మేట్ బొమ్మని కళ్ళు ఇక్కడ కూడా అలవాటుగా చూసేస్తాయి. బొమ్మ అదే, ఒక్క గడి వేరు.

ఏనుగు a2, a3, a4కి వెళ్ళినా ఇదే లోపం. అక్కడ నల్లకి a6తో పాటు a5 కూడా దొరుకుతుంది. నిజానికి a6కి వెళ్ళడం వల్ల ఏనుగు చేసే పని రెండు రకాలు: a7 బంటుని పిన్‌లో ఉంచుతుంది, అది ముందుకి కదలకుండా అడ్డం పడుతుంది. మొదటి పని a ఫైలు మీద ఎక్కడున్నా అవుతుంది. రెండోది a6లో నిలబడితేనే సరిగ్గా అవుతుంది. అందుకు చెల్లించే ధర bxa6, ఆ ధరకి b7 మేట్ రూపంలో ప్రతిఫలం ఉంది.

ఏనుగు ఫైలు వదిలి b1 నుంచి h1 దాకా ఎక్కడికి పోయినా axb6 చెల్లుతుంది. మళ్ళీ Ra1+ అంటే Ba7 అడ్డం. 1.Rxa7+ అంటే Bxa7, ఇక చెయ్యడానికేమీ లేదు. రాజు d7, d8లకి పోతే a6. ఇవి కాక ఒక్క ఎత్తు మిగిలింది, 1.bxa7. మొత్తం తెల్లకి మొదటి ఎత్తులు పదహారు: రాజుకి రెండు, ఏనుగుకి పదమూడు, బంటుకి ఒకటి. పదిహేను పడిపోయి ఒకటే నిలిచింది కాబట్టి జవాబు ఏకైకం. మీ పని మీ ఎత్తు ఒప్పా కాదా అని చూడడం మాత్రమే అయితే ఈ పదహారూ చూడక్కర్లేదు. సమస్యకి రెండో జవాబు ఉందేమో అని అనుమానం వచ్చినప్పుడే ఇది కావాలి.

1.bxa7 గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇది వేరే జాతి తప్పు. ఇక్కడ తెల్ల ఒక బెదిరింపు పెడుతోంది: 2.axb8 కొట్టి పదోన్నతి, మేట్. ఆ బంటు మంత్రి అయినా గుర్రం అయినా మేటే, ఎందుకంటే బంటు a7 వదలగానే a1 ఏనుగు రాజు మీద తెరుచుకుంటుంది. బెదిరింపు ఇంత బలంగా కనిపిస్తే జాబితా రాయాలనే అనిపించదు. రాద్దాం. రాజు a7ని కొట్టలేడు, ఏనుగు కాపలా. బిషప్‌కి ఇప్పుడు ఏడు: Bxa7, ఇంకా పాత ఆరు. b7 బంటుకి ముందు దారి తెరుచుకుంది, ఎందుకంటే b6 బంటు వెళ్ళిపోయింది: b6, b5. మొత్తం తొమ్మిది. b6కీ b5కీ బెదిరింపు అమలవుతుంది, మేట్. కానీ బిషప్ కదిలిన ఏడింటిలో కొట్టడానికి b8లో ఏమీ లేదు. Bxa7కి Rxa7+ Kxa7. మిగిలిన ఆరింటిలో a7 బంటు తన సొంత ఏనుగుకే అడ్డం, చెక్ ఇచ్చే ఎత్తే దొరకదు. తొమ్మిదింట్లో ఏడు తప్పించుకున్నాయి. బెదిరింపుని చూసి మురిసిపోయినవాళ్ళకి b6, b5 మాత్రమే కనిపిస్తాయి.

జాబితా రాయబోయే ముందే, మొదటి ఎత్తు ఏ రకమో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మొదటి ఎత్తు ఆడి, నల్ల తన వంతు వదిలేసిందని అనుకోండి. తెల్లకి మేట్ ఉందా? 1.bxa7 తర్వాత ఉంది, కాబట్టి అది బెదిరింపు ఎత్తు. 1.Ra6 తర్వాత నల్ల ఊరుకుంటే 2.Rxa7+ Bxa7, మేట్ లేదు. కాబట్టి అది బెదిరింపు లేని, కాచుకుని కూర్చునే ఎత్తు. నల్ల ఏదో ఒకటి ఆడక తప్పదు, ఆడిన ప్రతిదీ తన గోడలో ఒక ఇటుకని తీసేస్తుంది. దీన్నే జుగ్‌జ్వాంగ్ అంటారు.

ఈ తేడా లెక్కని మారుస్తుంది. బెదిరింపు ఉన్నచోట, ఆ బెదిరింపుని ఏ జవాబు ఆపుతుందో చూస్తూ పోవచ్చు. మిగిలినవాటికి అదే మేట్ సరిపోతుంది. అప్పుడు కూడా జాబితా పూర్తిగా రాయాలి, పరీక్ష మాత్రం త్వరగా సాగుతుంది. బెదిరింపు లేనిచోట ఆ సుఖం లేదు. బోర్డు ఏ మూలనో ఉన్న ఒక బంటు ఊరికే ఒక అడుగు వేసినా మొత్తం కూలిపోతుంది.

చూడాలంటే ఇదే సమస్యలో h7లో ఒక నల్ల బంటు చేర్చండి. రాజుకి ఎంతో దూరం, దేనికీ సంబంధం లేనట్టుంటుంది. 1.Ra6 తర్వాత నల్ల జవాబులు ఏడు కాదు, తొమ్మిది: h6, h5 కలిశాయి. 1...h6 ఆడితే తెల్లకి మేట్ లేదు. సమస్యకి ఇక జవాబే లేదు. అదే బంటుని h4లో పెట్టి, h3లో తెల్ల బంటుని ఎదురుగా నిలిపితే కదలలేదు, మళ్ళీ 1.Ra6 పని చేస్తుంది. ఇప్పుడు నల్ల బంటు h4 బదులు g4లో ఉంటే? ముందుకి g3, పక్కకి gxh3. మళ్ళీ పోయింది. బంటు ఆగిపోయిందని కళ్ళతో కాదు, ఒక్కో బంటుకీ అడగమన్న ఆ నాలుగు ప్రశ్నలతో తేల్చుకోమనేది ఇందుకే.

ఇంకో మార్పు. h7 బంటు తీసేసి c2లో నల్ల బంటు పెట్టండి. 1.Ra6కి c1లో పదోన్నతి ఉంది, అది ఒక ఎత్తు కాదు, నాలుగు: మంత్రి, ఏనుగు, బిషప్, గుర్రం. జాబితాలో నాలుగు గీతలు గీయాలి. పైగా మంత్రి గానీ ఏనుగు గానీ అయితే c ఫైలు మీద తెల్ల రాజుకి చెక్. నల్ల జవాబే చెక్ అయితే తెల్ల రెండో ఎత్తు ఆ చెక్‌ని తప్పించాలి, అదే సమయంలో మేట్ కూడా కావాలి. "నా మేట్ ఎత్తు సిద్ధంగా ఉంది" అని ఆడేస్తే అది చెల్లని ఎత్తు కావచ్చు. నల్ల రాజు గురించే ఆలోచిస్తున్నప్పుడు ఇది గుర్తుకి రాదు.

మొదటి ఎత్తే చెక్ అయిన సమస్యల్లో జాబితా చిన్నది. చెక్ తప్పించే ఎత్తులు మాత్రమే చెల్లుతాయి కాబట్టి. అక్కడ పొరపాటు సాధారణంగా రెండో ఎత్తు దగ్గర జరుగుతుంది. అందరికీ తెలిసిన గుర్రం మేట్ చూడండి: నల్ల రాజు h8, ఏనుగు f8, బంట్లు g7, h7. తెల్ల రాజు g1, మంత్రి c4, గుర్రం h6, బంట్లు g2, h2. 1.Qg8+కి జవాబు ఒక్కటే, Rxg8. గుర్రం g8ని కాస్తోంది కాబట్టి రాజు కొట్టలేడు. 2.Nf7 మేట్. ఇప్పుడు నల్లకి d7లో ఒక మంత్రిని చేర్చండి. మొదటి ఎత్తుకి జవాబు ఇప్పటికీ ఒక్కటే, అదే Rxg8. కానీ 2.Nf7కి Qxf7. రాజు చుట్టూ గోడ అచ్చం అలాగే ఉంది, చూసినవాళ్ళకి మేట్ లాగే కనిపిస్తుంది. మూడు ప్రశ్నల్లో రెండోది, అంటే చెక్ ఇచ్చిన పావుని ఎవరు కొట్టగలరు అనేది, రాజు పక్కన చూసి వదిలేయకుండా బోర్డంతా వెతకాలి.

జాబితాలో తరచూ రాలిపోయే ఇంకో రెండు ఎత్తులు చెప్పి ఊరుకుంటాను. తెల్ల మొదటి ఎత్తు బంటుని రెండు గళ్ళు నడిపినదైతే, పక్కన ఉన్న నల్ల బంటు దాన్ని ఎన్‌పాసాన్‌గా కొట్టగలదు. ఆ ఎత్తు మీ కళ్ళ ముందే జరిగింది కాబట్టి అనుమానానికి తావు లేదు. రెండోది కాస్లింగ్. నల్ల రాజు e8లో, ఏనుగు మూలలో ఉంటే, అవి ముందే కదిలాయని నిరూపించలేనంత వరకు కాస్లింగ్ చెల్లుతుందని సమస్యల్లో నియమం. ఇక జాబితాలో సున్నా వస్తే సంతోషించకండి. నల్లకి ఎత్తే లేదు, చెక్ కూడా లేదంటే అది స్టేల్‌మేట్, డ్రా. మీ మొదటి ఎత్తు అక్కడే పోయింది.

చేత్తో చేశాక కంప్యూటర్‌తో సరిచూసుకోవాలంటే మామూలు ఇంజిన్ కంటే చిన్న పైథాన్ ముక్క మేలు. ఇంజిన్ "మేట్ 2" అని చెప్పి ఊరుకుంటుంది, ఏ జవాబు దగ్గర మీరు పొరబడ్డారో చెప్పదు. ఇది `python-chess` అనే లైబ్రరీతో నడుస్తుంది:

```python
import chess
b = chess.Board("kbK5/pp6/1P6/8/8/8/8/R7 w - - 0 1")
b.push_san("Ra6")
print("replies:", b.legal_moves.count())
for d in list(b.legal_moves):
    name = b.san(d)
    b.push(d)
    sans = [b.san(m) for m in b.legal_moves]
    b.pop()
    print(name, [s for s in sans if s.endswith("#")])
```

మొదట వచ్చే అంకె 7 అయి, మీరు కాగితం మీద రాసిన అంకెతో కలవాలి. కలవకపోతే కింద వరుసలు చూడకండి, ముందు ఏ ఎత్తు తప్పిపోయిందో వెతకండి. తర్వాత ప్రతి వరుసలో ఒక నల్ల జవాబు, దాని పక్కన మేట్ ఎత్తులు. బిషప్ ఎత్తులన్నింటి పక్కన `Rxa7#`, `bxa6` పక్కన `b7#` రావాలి. ఖాళీ బ్రాకెట్లు `[]` ఎక్కడైనా కనిపిస్తే ఆ జవాబు మీ ఎత్తుని పడగొట్టినట్టు. `"Ra6"` చోట `"Ra5"` పెట్టి నడిపితే `a6` పక్కన ఆ ఖాళీ కనిపిస్తుంది. ఒక వరుసలో రెండు మేట్‌లు కనిపిస్తే అది తప్పు కాదు. దాన్ని డ్యూయల్ అంటారు, సమస్య కట్టినవాళ్ళకి అది మచ్చ, మీ జవాబుకి మాత్రం ఇబ్బంది లేదు. అంకె 0 వచ్చి వరుసలేవీ రాకపోతే స్టేల్‌మేట్ అయినా కావాలి, మొదటి ఎత్తుకే మేట్ అయినా కావాలి. ఈ ముక్క ఆ రెండింటికీ తేడా చెప్పదు, బోర్డు చూసి మీరే తేల్చుకోవాలి.